చీటీ చించితే సరుకు పోదు: జీమెయిల్‌లో ఏది తీస్తే ఏది పోతుంది?

హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న ఒకరి జీమెయిల్ ఖాతాను ఊహించుకుందాం. రెండేళ్లుగా జాబ్ పోర్టళ్ల నుంచి రోజూ పది, ఇరవై మెయిళ్లు వస్తున్నాయి. అవి ఇన్‌బాక్స్‌ను ముంచెత్తకుండా మొదట్లోనే ఒక ఫిల్టర్ పెట్టారు. ఆ పోర్టళ్ల చిరునామాల నుంచి ఏది వచ్చినా ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా Job Alerts అనే లేబుల్ కిందికి వెళ్లిపోతుంది. ఉద్యోగం దొరికింది. ఈలోగా ఖాతాలో స్టోరేజ్ 15 జీబీకి 14.6 జీబీ నిండిందని హెచ్చరిక మొదలైంది. ఎడమ పక్క వరుసలో Job Alerts నొక్కితే అందులో 4,316 మెయిళ్లు కనిపించాయి. ఇంకేముంది, లేబుల్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి Remove label అన్నారు. సెకనులో మొత్తం మాయం. పనిలో పనిగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫిల్టర్ కూడా తీసేశారు.

మర్నాడు పొద్దున చూస్తే స్టోరేజ్ అదే 14.6. పైగా ఇన్నాళ్లూ కంటికి కనిపించని జాబ్ అలర్ట్‌లు ఇప్పుడు నేరుగా ఇన్‌బాక్స్‌లోనే వరుసగా కూర్చున్నాయి. అనుమానం వచ్చి పోర్టల్ పేరుతో వెతికితే, నిన్న పోయాయనుకున్న పాత మెయిళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక్కడ జీమెయిల్ తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. లేబుల్‌ను తీయమంటే లేబుల్‌ను తీసింది, ఫిల్టర్‌ను తీయమంటే ఫిల్టర్‌ను తీసింది. మెయిళ్లను తీయమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చాలామంది ఈ పొరపాటు చేయడానికి కారణం కంప్యూటర్లో ఫోల్డర్లతో ఉన్న అలవాటు. ఫోల్డర్ అంటే బీరువాలో అర లాంటిది. ఒక కాగితం ఒక అరలోనే ఉంటుంది. అరను బయటపడేస్తే కాగితం కూడా దానితో పాటే పోతుంది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడే ఈ పద్ధతిని పక్కనపెట్టింది. అందులో మెయిళ్లన్నీ ఒకే పెద్ద గుట్టలో ఉంటాయి. ఆ గుట్ట పేరు All Mail. లేబుల్ అనేది మెయిల్‌కు అంటించిన చీటీ మాత్రమే. ఒకే మెయిల్‌కు మూడు చీటీలు అంటించవచ్చు, ఒక్కటీ అంటించకపోవచ్చు. ఎడమ వైపు Job Alerts నొక్కినప్పుడు జీమెయిల్ ఏ పెట్టెనూ తెరవదు, ఆ చీటీ ఉన్న మెయిళ్లను గుట్టలోంచి ఏరి చూపిస్తుంది, అంతే.

ఆ మాటకొస్తే ఇన్‌బాక్స్ కూడా ఒక చీటీయే. కాకపోతే అది మనం పెట్టింది కాదు, జీమెయిల్ పెట్టింది. మెయిల్‌ను ఆర్కైవ్ చేయడమంటే దాని మీద ఉన్న ఇన్‌బాక్స్ చీటీని పీకేయడమే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

మన ఉదాహరణలో మెయిళ్లు ‘మాయం’ ఎందుకు అయ్యాయో ఇప్పుడు చూద్దాం. ఫిల్టర్‌లో Skip the Inbox అనే గడికి టిక్ పెట్టి ఉంది కాబట్టి ఆ 4,316 మెయిళ్లకు ఇన్‌బాక్స్ చీటీ మొదటినుంచీ లేదు. ఉన్నది ఒక్క Job Alerts చీటీ. దాన్ని కూడా చించేయడంతో వాటికి మనం పెట్టిన చీటీ ఏదీ లేకుండా పోయింది. ఎడమ వరుసలో మామూలుగా నొక్కే చోట్ల అవి కనిపించవు, All Mail తెరవాల్సిందే. చాలా ఖాతాల్లో All Mail కూడా More కింద దాక్కుని ఉంటుంది. అందుకే పోయాయన్న భ్రమ. అదే ఇన్‌బాక్స్‌లో కూడా ఉన్న మెయిళ్లకు లేబుల్ తీసి ఉంటే ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు, ఇన్‌బాక్స్‌లో అవి అలాగే ఉండేవి.

ఇలా చీటీ లేకుండా తిరిగే మెయిళ్లను పట్టుకోవడానికి జీమెయిల్ వెతుకు పెట్టెలో ఇది టైప్ చేస్తే చాలు:

```
has:nouserlabels -in:inbox -in:sent -in:drafts
```

మనం పెట్టిన ఏ లేబులూ లేనివి, ఇన్‌బాక్స్‌లో లేనివి, మనం పంపనివి, డ్రాఫ్ట్‌లు కానివి అన్నీ వస్తాయి. ఏళ్ల తరబడి వాడుతున్న ఖాతాలో ఈ జాబితా చూస్తే కాస్త గుండె గుభేలుమంటుంది. మొదటిసారి చూసేవారు ఎక్కువ ఆశ్చర్యపోయేది ఇక్కడే.

అయితే లేబుల్ తీయడం వల్ల ఏమీ పోదు అనుకోవడం కూడా తప్పే. మెయిళ్లు పోవు గానీ ఏది ఏ కుప్పకు చెందిందన్న సమాచారం పోతుంది. అది తిరిగి రాదు. ట్రాష్‌లోకి వెళ్లిన మెయిల్‌కు 30 రోజుల గడువు ఉంటుంది, తీసేసిన లేబుల్‌కు అలాంటి ట్రాష్ లేదు. అదే పేరుతో కొత్త లేబుల్ సృష్టించినా పాత మెయిళ్లు వచ్చి అందులో చేరవు, ఖాళీ లేబుల్ మిగులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక లేబుల్ కింద ఉపలేబుళ్లు ఉంటే, పై దాన్ని తీసినప్పుడు కింది వాటినీ కలిపి తీసేస్తుంది. ఉదాహరణకు ఇల్లు అనే లేబుల్ కింద కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్, లోన్ అని మూడు ఉంటే, ఒక్క క్లిక్కుతో నాలుగూ పోతాయి. మెయిళ్లు భద్రమే, కానీ రిజిస్ట్రేషన్ కాగితాలు ఏ మెయిల్లో వచ్చాయో మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి.

చేత్తో ఒక్కొక్కటిగా లేబుల్ పెట్టిన మెయిళ్లకైతే ఈ నష్టం నిజమైన నష్టం. ఫిల్టర్ ద్వారా పడ్డ లేబుల్ అయితే ఒక ఆధారం మిగిలి ఉంటుంది. ఏ చిరునామా నుంచి వస్తే, ఏ పదం ఉంటే లేబుల్ పడాలో ఫిల్టర్‌లో రాసి ఉంటుంది కదా, దాన్నే వాడి పాత కుప్పను మళ్లీ కట్టవచ్చు. అందుకే లేబుల్ పోయిన కంగారులో ఫిల్టర్‌ను కూడా తీసేయడం తొందరపాటు. అమ్మాయి పెళ్లి విందు వేళ వంటవాడు పని వదిలి వెళ్లిపోయాడని వంటల జాబితాను కూడా చించేసినట్టు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. ఇది గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి లాంటిది. లోపలికి వచ్చే ప్రతి మెయిల్‌ను చూసి, తనకు చెప్పిన లక్షణాలు ఉంటే చెప్పిన పని చేస్తాడు. చీటీ అంటిస్తాడు, ఇన్‌బాక్స్‌లోకి పోనీయకుండా పక్కకు పంపుతాడు, చదివినట్టు గుర్తు వేస్తాడు, లేదా చెత్తబుట్టలో వేస్తాడు. అతన్ని పనిలోంచి తీసేస్తే రేపటి నుంచి వచ్చే మెయిళ్లను ఆపేవారు ఉండరు. కానీ నిన్నటివరకు అతను అంటించిన చీటీలు అలాగే ఉంటాయి, పక్కకు పంపినవి పక్కనే ఉంటాయి. ఫిల్టర్‌ను తీసినంత మాత్రాన ఆర్కైవ్ అయిన మెయిళ్లు ఇన్‌బాక్స్‌లోకి నడిచి రావు.

దీనికి తిరగేసిన సంగతి కూడా నిజమే. కొత్తగా ఫిల్టర్ పెట్టినప్పుడు అది రాబోయే మెయిళ్లకే వర్తిస్తుంది. పాతవాటికి కూడా వర్తించాలంటే ఫిల్టర్ చివరి తెరలో Also apply filter to matching conversations అన్న గడికి టిక్ పెట్టాలి. అది ఆ క్షణంలో ఉన్న పాత మెయిళ్లన్నింటి మీదా ఒకసారి పనిచేస్తుంది. పోయిన లేబుల్‌ను తిరిగి కట్టుకునే దారి ఇదే. కొత్త లేబుల్ సృష్టించి, ఫిల్టర్‌ను Edit చేసి, లేబుల్‌గా కొత్తదాన్ని ఎంచుకుని, ఈ గడికి టిక్ పెడితే పాత మెయిళ్లకు మళ్లీ చీటీలు పడతాయి.

ఫిల్టర్లలో నిజంగా ప్రమాదకరమైనది ఒకటే, Delete it అన్న పని అప్పగించినది. ఇది మనకు తెలియకుండా మెయిళ్లను ట్రాష్‌లో వేస్తూ పోతుంది. 30 రోజులు దాటినవి వాటంతటవే శాశ్వతంగా పోతుంటాయి. ఎప్పుడో మూడేళ్ల క్రితం ఒక షాపింగ్ సైట్ ప్రకటనల విసుగుతో పెట్టిన ఫిల్టర్, ఇవాళ అదే సైట్‌లో కొన్న ఫ్రిజ్ బిల్లును కూడా చెత్తబుట్టలో వేస్తుంది. బిల్లు రాలేదని కస్టమర్ కేర్‌తో గొడవపడే ముందు ఇది చూడాలి:

```
in:anywhere from:చిరునామా
```

చిరునామా అన్నచోట పంపినవారి ఈమెయిల్ ఐడీ టైప్ చేయాలి. మామూలుగా వెతికితే స్పామ్, ట్రాష్ రెండూ వదిలేసి వెతుకుతుంది, in:anywhere అంటే ఆ రెండింటినీ కలుపుకుని వెతుకుతుంది. మెయిల్ ట్రాష్‌లో కనిపిస్తే దోషి ఫిల్టరే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆ ఫిల్టర్‌ను తీసేస్తే ఇకపై వచ్చేవి బతుకుతాయి. ఇప్పటికే ట్రాష్‌లో ఉన్నవాటిని మాత్రం చేత్తోనే ఎంచుకుని ఇన్‌బాక్స్‌కు మార్చాలి. నెల దాటినవాటి గురించి చేయగలిగింది లేదు. ఆఫీసు ఖాతా అయితే, అంటే కంపెనీ డబ్బు కట్టి వాడే గూగుల్ వర్క్‌స్పేస్ అయితే, శాశ్వతంగా పోయాక కూడా మరో 25 రోజుల వరకు అడ్మిన్ వాటిని వెనక్కి తేగలరు. సొంత ఖాతాకు ఆ సౌకర్యం లేదు.

ఇక మూడోది, అసలైనది: మెయిళ్లను తీయడం. లేబుల్ తెరిచి, మెయిళ్లను ఎంచుకుని, చెత్తబుట్ట బొమ్మ నొక్కినప్పుడు పోయేది చీటీ కాదు, సరుకే. ఆ మెయిల్‌కు ఇంకా ఎన్ని చీటీలు ఉన్నా, అన్నిచోట్ల నుంచీ ఒకేసారి పోతుంది. ఇక్కడే ఫోల్డర్ అలవాటు రెండోసారి దెబ్బతీస్తుంది. ఒక బ్యాంకు స్టేట్‌మెంట్‌కు బ్యాంక్ అని ఒక లేబుల్, ఐటీ రిటర్న్స్ అని ఇంకో లేబుల్ ఉన్నాయనుకోండి. బ్యాంక్ లేబుల్‌లో చెత్త పేరుకుందని అంతా ఎంచుకుని డిలీట్ కొడితే, జులైలో రిటర్న్స్ వేసేటప్పుడు ఆ రెండో లేబుల్ కింద స్టేట్‌మెంట్ ఉండదు. అక్కడున్నది రెండో కాపీ కాదు, అదే మెయిల్.

దీనికంటే సూక్ష్మమైన ఉచ్చు ఇంకొకటి ఉంది. జీమెయిల్ మామూలుగా మెయిళ్లను ఒక్కొక్కటిగా కాక సంభాషణలుగా కట్టి చూపిస్తుంది. ఒక మెయిల్, దానికి మన జవాబు, దానికి వాళ్ల జవాబు, అన్నీ కలిసి జాబితాలో ఒకే వరుస. లేబుల్ పడేది మాత్రం విడివిడి మెయిళ్ల మీద. అయిదు మెయిళ్ల సంభాషణలో ఒక్కదానికే Job Alerts చీటీ ఉన్నా ఆ వరుస మొత్తం లేబుల్ కింద కనిపిస్తుంది. ఆ వరుసను ఎంచుకుని డిలీట్ చేస్తే అయిదూ పోతాయి, మనం రాసిన జవాబులతో సహా. పోర్టల్ ద్వారా వచ్చిన ఒక పిలుపుకు జవాబిచ్చి, అక్కడినుంచి హెచ్ఆర్‌తో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు, చివరికి వచ్చిన ఆఫర్ లెటర్, అన్నీ ఒకే సంభాషణలో ఉండొచ్చు. పైకి అది 4,316 వరుసల్లో ఒక వరుస. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. మనం జవాబిచ్చిన సంభాషణల్లో పంపినవారి పేరు పక్కన me అనీ, మొత్తం ఎన్ని మెయిళ్లో ఒక అంకె కూడా ఉంటుంది. ఒంటరిగా వచ్చిన అలర్ట్‌కు అవి ఉండవు.

ఇన్ని వేల వరుసల్లో me కోసం కళ్లు కాయలు కాచేలా వెతకడం కుదరదు కాబట్టి, పెద్ద ఎత్తున తీసేముందు సెట్టింగ్స్‌లో General ట్యాబ్‌లో Conversation view off పెట్టుకోవడం మేలు. కిందికి వెళ్లి Save Changes నొక్కడం మరిచిపోవద్దు. అప్పుడు జాబితాలో ప్రతి మెయిల్ విడిగా వస్తుంది. లేబుల్ ఉన్నదే కనిపిస్తుంది, ఎంచుకున్నదే పోతుంది. పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఇప్పుడు మన ఉదాహరణలోని ఖాతాకు వెనక్కి వెళదాం. లేబుల్ ఇంకా తీయలేదనుకుని, పనిని సరైన వరుసలో చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఇక్కడ దీపం లేబులే. ఏరివేత అంతా అది ఉండగానే అవ్వాలి.

మొదట సెట్టింగ్స్‌లో Filters and Blocked Addresses ట్యాబ్ తెరిచి, జాబ్ పోర్టళ్ల ఫిల్టర్ పక్కన టిక్ పెట్టి Export నొక్కితే mailFilters.xml అనే చిన్న ఫైలు దిగుతుంది. ఎప్పుడైనా ఫిల్టర్ మళ్లీ కావాలంటే ఇదే ట్యాబ్‌లో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ఇది కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో చేసే పని, ఫోన్ యాప్‌లో ఈ ట్యాబ్ కోసం వెతకడం దండగ.

తర్వాత Conversation view ఆపేసి, తీయాల్సినవాటిని మాత్రమే పట్టుకునేలా వెతకాలి:

```
label:job-alerts older_than:6m -is:starred -has:attachment
```

లేబుల్ పేరులో ఖాళీ ఉంటే వెతికేటప్పుడు అక్కడ హైఫన్ పెట్టాలి, అందుకే Job Alerts కాస్తా job-alerts అయింది. ఆరు నెలలు దాటినవి, నక్షత్రం గుర్తు లేనివి, అటాచ్‌మెంట్ లేనివి వస్తాయి. ఆఫర్ లెటర్ పీడీఎఫ్‌గా వచ్చి ఉంటే ఈ వలలో పడదు. ఇంకో లేబుల్ కూడా ఉన్న మెయిళ్లను కాపాడాలంటే దాని పేరుతో -label: అని చివర చేర్చాలి. ఫలితాల మొదటి పేజీ మాత్రమే చూసి సరే అనుకోకూడదు. పైన కుడివైపు ఉన్న లెక్కను నొక్కి Oldest అంటే చివరి పేజీకి తీసుకెళ్తుంది. రెండేళ్ల క్రితం మొదట్లో వచ్చినవే మనం పూర్తిగా మరిచిపోయినవి, కాబట్టి పొరపాట్లు బయటపడేది అక్కడే.

పైన ఉన్న గడికి టిక్ పెడితే ఆ పేజీలో ఉన్నవే ఎంపిక అవుతాయి, మామూలుగా అవి 50. అప్పుడు జాబితా పైన ఒక లింకు వస్తుంది, వెతికినవాటన్నింటినీ ఎంచుకోమంటారా అని. అది నొక్కి, చెత్తబుట్ట బొమ్మ నొక్కితే ఇన్నింటి మీద ఈ పని చేయాలా అని ఇంకోసారి అడుగుతుంది. ఈ లింకు సంగతి తెలియక యాభై యాభైగా గంటసేపు డిలీట్ చేస్తూ కూర్చునేవారు కోకొల్లలు. తెలిసినవారు మాత్రం ఆ లింకు నొక్కేముందు ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే తెర మీద కనిపించని వేల మెయిళ్లకు కూడా అది వర్తిస్తుంది.

ఇంత చేశాక స్టోరేజ్ చూస్తే, మళ్లీ అదే 14.6. ట్రాష్‌లో ఉన్నది కూడా లెక్కలోకి వస్తుంది మరి. 30 రోజులు ఆగాలి, లేదా ట్రాష్ తెరిచి Empty Trash now నొక్కాలి. ఖాతా భాష బ్రిటన్ ఇంగ్లిష్‌లో ఉంటే Trash బదులు Bin అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఖాళీ చేసేముందు ఒకసారి `in:trash label:job-alerts` అని వెతికి, కావాల్సినదేమైనా పొరపాటున వెళ్లిందేమో చూసుకోవచ్చు. చీటీ ఇంకా ఉంది కాబట్టే ఇలా వెతకడం వీలవుతోంది. లేబుల్‌ను ముందే తీసి ఉంటే ట్రాష్‌లో ఈ కుప్పను మిగతా చెత్త నుంచి వేరుచేయడం కష్టమయ్యేది.

ఆశ ఎక్కువ పెట్టుకోకుండా ఒక లెక్క కూడా చెప్పుకోవాలి. ఒక్కో జాబ్ అలర్ట్ సుమారు 75 కేబీ ఉందనుకుంటే, 4,316 మెయిళ్లు కలిపి 320 ఎంబీ చిల్లర. 14.6 జీబీ కాస్తా 14.3 అవుతుంది, అంతకుమించి కాదు. సంఖ్య చూస్తే కొండంత, బరువు చూస్తే పిడికెడు. స్టోరేజే అసలు బాధ అయితే `larger:10M` అని వెతకడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసిన దస్తావేజులు పంపుకున్న ముప్పై మెయిళ్లు ఈ నాలుగు వేల అలర్ట్‌లతో సమానంగా తూగుతాయి. పైగా ఆ 15 జీబీ డ్రైవ్, ఫొటోలతో పంచుకునేది. మెయిల్‌ను ఎంత ఊడ్చినా అసలు బరువు ఫొటోల్లో ఉంటే అంకె కదలదు.

మిగిలింది ఫిల్టర్. కొత్త అలర్ట్‌లు వద్దనుకుంటే పోర్టల్ మెయిల్లోనే ఉన్న Unsubscribe నొక్కి, ఓ వారం పది రోజులు ఫిల్టర్‌ను అలాగే ఉంచడం తెలివైన పని. రావడం ఆగలేదంటే ఆ లేబుల్ కింద కొత్తవి కనిపిస్తూనే ఉంటాయి, ఇన్‌బాక్స్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఆగాయని నిర్ధారణ అయ్యాక ఫిల్టర్, ఆ తర్వాత లేబుల్. ఈ వరుసలో లేబుల్ చిట్టచివర పోతుంది.

ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి వాటిలో జీమెయిల్ వాడేవారికి ఒక హెచ్చరిక. వాటిలో లేబుళ్లు ఫోల్డర్లుగానే కనిపిస్తాయి. అక్కడ ఫోల్డర్‌ను తీసేస్తే లోపలి మెయిళ్లు ఏమవుతాయన్నది ఆ యాప్‌ను బట్టి, సెట్టింగులను బట్టి మారుతుంది, ట్రాష్‌కు వెళ్లిపోనూ వచ్చు. లేబుల్ తీయడం, మెయిల్ తీయడం రెండూ వేర్వేరన్న పైమాట బ్రౌజర్‌లో తెరిచే జీమెయిల్‌కు మాత్రమే గట్టిగా వర్తిస్తుంది. కాబట్టి ఇలాంటి పెద్ద శుభ్రత బ్రౌజర్‌లోనే పెట్టుకోవాలి.

చివరిగా, లేబుల్ తీయాలనుకునేవారిలో చాలామందికి కావాల్సింది అసలు తీయడం కాదు, ఎడమ వరుస పొడవు తగ్గడం. దానికి సెట్టింగ్స్‌లో Labels ట్యాబ్‌లో ప్రతి లేబుల్ పక్కనా show, hide, show if unread అని ఉంటాయి. hide అంటే లేబుల్ కళ్ల ముందు నుంచి తప్పుకుంటుంది, మెయిళ్ల మీద చీటీ మాత్రం ఉంటుంది, label: అని వెతికితే పలుకుతుంది. show if unread అంటే అందులో చదవనిది వచ్చినప్పుడే తల బయటపెడుతుంది. రెండేళ్ల క్రితం మూసేసిన లోన్, పాత ఆఫీసు, అయిపోయిన కోర్సు లాంటి లేబుళ్లకు ఇదే సరైన చోటు.